ఫ్రాన్సు నుంచి ఫోటోగా వచ్చిన పాప టీకాల పుస్తకాన్ని తెలుగులోకి రాసుకోవడం ఎలా

యానాంలోనూ, గౌతమి వంతెన దాటిన తరువాత ఎదుర్లంక, మురమళ్ల వైపు ఊళ్లలోనూ ఫ్రాన్సులో బిడ్డలు స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. పుట్టింటికి వచ్చిన కూతురు చంటిబిడ్డతో రెండు మూడు నెలలు ఉంటుంది. బిడ్డ టీకాల పుస్తకం మాత్రం అక్కడి ఇంట్లోనే ఉండిపోతుంది. ఊళ్లో టీకాల రోజున ఏఎన్ఎం కార్డు అడిగినప్పుడు అల్లుడు వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు పంపుతాడు. ఫ్రెంచిలో ఉన్న ఆ పేజీలను మన కార్డుతో పోల్చి చూస్తే సగం గళ్లు ఖాళీగా ఉన్నట్టు కనబడుతుంది, తల్లికి కంగారు మొదలవుతుంది. అలాంటి ఫోటోను చదివి, ఏఎన్ఎంకు గానీ పిల్లల డాక్టరుకు గానీ పనికివచ్చే ఒక తెలుగు కాగితంగా మార్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఏ టీకా వేయాలో, ఏది మానాలో నిర్ణయించే పని మాత్రం డాక్టరుదే. మనం అందించవలసింది ఆ నిర్ణయానికి ఆధారమైన నికరమైన సమాచారం.

ఉదాహరణకు ఒక పాపను తీసుకుందాం. 2025 జనవరి 17న ఫ్రాన్సులో పుట్టింది. 2025 నవంబరు చివరి వారంలో, పది నెలల వయసులో, ఎదుర్లంకలో అమ్మమ్మ ఇంటికి వచ్చింది. 2026 ఫిబ్రవరి ఆఖరు దాకా ఇక్కడే ఉంటుంది. బుధవారం టీకాలకు తీసుకువెళితే, కార్డు ఫోటో చూసిన ఏఎన్ఎం మూడు ప్రశ్నలు అడిగింది: పుట్టగానే వేయవలసిన బీసీజీ ఏది, పోలియో చుక్కలు ఏవి, పెంటా మూడో డోసు ఎందుకు పడలేదు? మూడూ న్యాయమైన ప్రశ్నలే. వాటిలో రెండింటికి జవాబు ఆ ఫోటోల్లోనే దొరుకుతుంది, కాకపోతే వాటిని వరసగా చదవాలి.

మొదట అన్ని పేజీలూ చేతికి రావాలి

ఫ్రాన్సులో టీకాల వివరాలు మన దగ్గరలాగా ఒక మడత కార్డులో ఉండవు. బిడ్డ పుట్టగానే ఇచ్చే ఆరోగ్య పుస్తకంలో, అంటే అట్ట మీద Carnet de santé అని ఉండే పుస్తకంలో, టీకాలకు కొన్ని పేజీలు కేటాయించి ఉంటాయి. అందుచేత ఒక పేజీ ఫోటో చూసి ఫలానా టీకా పడలేదని చెప్పకూడదు. ముఖ్యంగా బీసీజీ వివరాలను మిగిలిన టీకాలతో కలపకుండా విడిగా రాస్తారు కాబట్టి, ఆ పేజీ ఫోటోలో రాకపోవడం చాలా మామూలు. గడి ఖాళీగా ఉండటం వేరు, ఆ పేజీ మన దగ్గరకు రాకపోవడం వేరు. మనం రాసే కాగితంలో కూడా ఈ రెండింటినీ వేరు వేరు మాటలతో రాయాలి: “పేజీ చూశాము, ఖాళీగా ఉంది” అని ఒకటి, “పేజీ చూడలేదు” అని ఇంకొకటి.

పుస్తకం దగ్గరున్న వ్యక్తిని బిడ్డ పేరు, పుట్టిన తేదీ ఉన్న పేజీతో మొదలుపెట్టి, టీకాలకు సంబంధించిన ప్రతి పేజీని, ఖాళీ పేజీలతో సహా, నాలుగు మూలలూ కనబడేలా తీయమని అడగండి. ఫ్లాష్ వాడవద్దని చెప్పండి. టీకాల స్టిక్కర్లు నునుపుగా ఉంటాయి కనుక వెలుగు పడిన చోట అక్షరాలు తెల్లగా మాసిపోతాయి. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే చిన్న అక్షరాలు చెదరవు. చిరునామా, అక్కడి ఆరోగ్య బీమా సంఖ్య ఉన్న భాగాలను వేలితోనో కాగితంతోనో కప్పి తీయవచ్చు, మనకు వాటితో పని లేదు.

ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసుకోవడం

అనువాదం వెంటనే మొదలుపెట్టకండి. ముందు ఫోటోలో కనబడిన అక్షరాలను కనబడిన వరసలోనే ఒక కాగితం మీదికి ఎత్తి రాయండి. మన పాప పేజీల నుంచి ఎత్తి రాసినది ఇది:

```
19/01/25   Beyfortus 50 mg
17/03/25   Hexyon        1
17/03/25   Prevenar 13   1
17/03/25   Rotarix       1
17/04/25   Bexsero       1
17/04/25   Rotarix       2
19/05/25   Hexyon        2
19/05/25   Prevenar 13   2
17/06/25   Bexsero       2
17/07/25   Nimenrix      1
Rappel : 11 mois
BCG :
```

ఇందులో స్టిక్కర్ల మీది వివరాలను నేను వదిలేశాను. ప్రతి టీకాకూ డాక్టరు చిన్న స్టిక్కరు అంటిస్తారు. దాని మీద టీకా పేరుతో పాటు LOT అని ఒక సంఖ్య, EXP అని ఒక తేదీ ఉంటాయి. LOT అంటే ఆ మందు తయారైన బ్యాచి. EXP అంటే ఆ మందు గడువు తీరే నెల. స్టిక్కరు మీద అచ్చులో స్పష్టంగా కనబడే తేదీ ఇదొక్కటే కావడం వలన, తరువాతి డోసు ఎప్పుడో ఇదే చెబుతోందని కొందరు తల్లిదండ్రులు పొరబడతారు. టీకా వేసిన తేదీని డాక్టరు పక్కన చేత్తో రాస్తారు. మనకు కావలసింది ఆ చేతిరాత తేదీయే. బ్యాచి సంఖ్య స్పష్టంగా ఉంటే ఎత్తి రాయండి, ఒక్క అక్షరం అనుమానంగా ఉన్నా మొత్తం వదిలేయండి.

చేతిరాత తేదీలు: ఒకటి, ఏడు

ఫ్రాన్సులోనూ మనలాగే రోజు, నెల, సంవత్సరం అనే వరసలోనే రాస్తారు కాబట్టి అక్కడ చిక్కు లేదు. చిక్కంతా అంకెల రూపంలో ఉంది. ఫ్రెంచివారు చేత్తో రాసే 1కి పైనుంచి ఎడమ పక్కకు పొడుగాటి గీత దిగుతుంది. మన కంటికి అది 7 లాగే ఉంటుంది. వారి 7కు మాత్రం నడుమ అడ్డంగా ఒక చిన్న గీత ఉంటుంది. అడ్డగీత ఉంటే ఏడు, లేకపోతే ఒకటి. ఫోటో మసకగా ఉండి ఆ గీత కనబడకపోతే, అదే డాక్టరు అదే పేజీలో సందేహం లేని చోట రాసిన అంకెలను పక్కన పెట్టి పోల్చాలి.

మన పాప పేజీలో చివరి టీకా తేదీ మొదటి చూపులో 11/01/25 లాగా ఉంది. పాప పుట్టినదే జనవరి 17న కాబట్టి అది కుదరదు. పెద్దది చేసి చూస్తే రోజులోని రెండో అంకెకూ, నెలలోని రెండో అంకెకూ అడ్డగీతలు ఉన్నాయి. అంటే 17/07/25, పాపకు సరిగ్గా ఆరు నెలలు నిండిన రోజు. ప్రతి తేదీ పక్కనా ఆ రోజుకు బిడ్డ వయసు ఎంతో ఇలా లెక్కగట్టి రాయండి. ఫ్రాన్సులో టీకాలను నెలల లెక్కన వేస్తారు: రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, పదకొండు, పన్నెండు. మనం రాసిన తేదీ ఈ నెలలకు దగ్గరగా పడితే చదవడం సరిగా ఉన్నట్టు. మే 17 శనివారం గనుక పాపకు రెండో విడత 19వ తేదీ సోమవారం వేశారు. అంతమాత్రపు తేడా సహజం. నెల పేరును అక్షరాల్లో రాసిన చోట juin అంటే జూన్, juil. అంటే జూలై, mars అంటే మార్చి, mai అంటే మే అని గుర్తుంచుకుంటే చాలు. మిగిలినవి ఊహకు అందుతాయి.

పేర్లు: P అక్షరం దగ్గర ఆగండి

ఈ పని మొత్తంలో ఎక్కువ నష్టం చేయగల పొరపాటు ఇక్కడ జరుగుతుంది కనుక కొంచెం నిదానంగా చెబుతాను.

మన కార్డుల మీద డీపీటీ అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం. ఫ్రెంచి పుస్తకంలో DTP అని ఉంటే అది అవే మూడూ అనుకుంటాం. కానీ అక్కడ P కోరింత దగ్గు కాదు, పోలియో. కోరింత దగ్గును ఫ్రెంచిలో Coqueluche అంటారు, కాబట్టి దాని గుర్తు C. ఆ లెక్కన DTP అంటే కంఠసర్పి, ధనుర్వాతం, పోలియో మాత్రమే, అందులో కోరింత దగ్గు లేదు. DTCaP అని ఉంటే నాలుగూ ఉన్నట్టు. నడుమ ఉన్న Ca అంటే కోరింత దగ్గు సూక్ష్మజీవిని మొత్తంగా కాకుండా అందులోని కొన్ని భాగాలను మాత్రమే తీసుకుని తయారుచేసిన రకం. మన ప్రభుత్వ కేంద్రాల్లో వేసే పెంటాలో మొత్తం సూక్ష్మజీవిని చంపి వాడతారు. అందువలన దానితో జ్వరం, తొడ వాపు కాస్త ఎక్కువగా వస్తాయి. ఫ్రాన్సులో రెండు డోసులు ఏ ఇబ్బందీ లేకుండా వేయించుకున్న బిడ్డకు ఇక్కడ పెంటా వేస్తే జ్వరం రావచ్చని తల్లికి ముందే తెలిసి ఉండటం మంచిది.

పొట్టి గుర్తులకు బదులు మందు పేరే రాసి ఉంటే పని తేలిక. Hexyon, Infanrix Hexa, Vaxelis అనే మూడూ ఆరు జబ్బులకు కలిపి వేసే ఒకే ఇంజెక్షను రకాలు: కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు, పోలియో, హెపటైటిస్ బి, ఇంకా న్యుమోనియా, మెదడుపొరల జబ్బు తెచ్చే హిబ్ అనే బాక్టీరియా. మన పెంటాలో ఉండే అయిదుకు పోలియో ఇంజెక్షను కలిపితే ఇదే అవుతుంది. ఏఎన్ఎం అడిగిన పోలియో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది: పాపకు పోలియో టీకా రెండుసార్లు పడింది, చుక్కలుగా కాకుండా ఇంజెక్షనుగా. ఫ్రాన్సులో చుక్కలు వేయరు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ చుక్కలు వేయించాలా అన్నది డాక్టరును అడగవలసిన ప్రశ్న. ఇంజెక్షను పడిన బిడ్డకు కూడా చుక్కలు వేయవచ్చు.

ROR అనేది మన ఎంఎంఆర్: Rougeole అంటే తట్టు, Oreillons అంటే గవదబిళ్లలు, Rubéole అంటే రుబెల్లా. Prevenar న్యుమోనియా టీకా, మన కార్డులో పీసీవీ. Rotarix విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు నోటి ద్వారా వేసేది. Bexsero, Nimenrix రెండూ మెనింగోకాకస్ అనే బాక్టీరియా వలన వచ్చే మెదడుపొరల జబ్బుకే గానీ వేరు వేరు రకాలకు: మొదటిది బి రకానికి, రెండోది ఏ, సీ, డబ్ల్యు, వై రకాలకు. 2025 జనవరి నుంచి ఫ్రాన్సులో ఈ రెండూ చంటిపిల్లలకు తప్పనిసరి. మన ప్రభుత్వ టీకాల పట్టికలో ఇవి లేవు కాబట్టి మన కార్డులో వీటికి గడి ఉండదు. గడి లేదని మరో పేరు కింద సర్దకండి, కాగితం అడుగున విడిగా రాయండి. ముఖ్యంగా “బి” అనే అక్షరం హెపటైటిస్ బిలో ఉంది, హిబ్‌లో ఉంది, మెనింగోకాకస్ బిలోనూ ఉంది. వీటిలో ఏదో తేలకుండా ఉత్త “బి టీకా” అని రాస్తే చదివేవారు తమకు తెలిసినదే అనుకుంటారు.

మొట్టమొదటి వరసలోని Beyfortus గురించి కూడా చెప్పాలి. పుట్టిన రెండో రోజున వేశారు కనుక, మన దగ్గర పుట్టగానే వేసే హెపటైటిస్ బి అదే అయి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కాదు. చలికాలంలో పసిపిల్లలకు ఆయాసం తెచ్చే ఆర్ఎస్‌వీ అనే వైరస్ నుంచి కొన్ని నెలల పాటు కాపాడే తయారు యాంటీబాడీ అది. అసలు టీకాయే కాదు. తల్లికి హెపటైటిస్ బి లేకపోతే ఫ్రాన్సులో ఆ టీకాను పుట్టగానే వేయరు, రెండో నెలలో ఆరింటి ఇంజెక్షనుతోనే మొదలుపెడతారు.

అంకె కనబడితే అది డోసు అనుకోవద్దు

Prevenar 13లో 13 డోసు సంఖ్య కాదు, ఆ టీకా పదమూడు రకాల న్యుమోకాకస్ మీద పనిచేస్తుందని అర్థం. Beyfortus 50 mgలో 50 మందు పరిమాణం. డోసు సంఖ్య విడిగా 1, 2 అనో, 1re, 2e అనో ఉంటుంది. Rappel అని గానీ ఉత్త R అని గానీ ఉంటే బూస్టరు. కొందరు డాక్టర్లు డోసు సంఖ్య అసలు రాయరు. అప్పుడు ఒకే టీకా వేసిన తేదీలను వరసగా పేర్చి మనమే లెక్కించి, “లెక్కించి రాసినది” అని పక్కన సూచించాలి. ఆరింటి ఇంజెక్షను ఒకసారి Hexyon, మరోసారి Vaxelis అయి ఉన్నా లెక్క ఒకటే వరసలో సాగుతుంది, పేరు మారిందని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టకూడదు.

ఎన్ని డోసులతో పూర్తి అన్నది కూడా మందును బట్టి మారుతుంది. Rotarix రెండు డోసులతో పూర్తవుతుంది. మన దగ్గర ప్రభుత్వం వేసే రోటా టీకా మూడు డోసులది. అందువలన పాపకు మూడో రోటా డోసు పడలేదని కంగారుపడవలసిన పని లేదు. అదే పుస్తకంలో RotaTeq అని ఉండి ఉంటే మూడో డోసు గురించి అడగవలసి వచ్చేది.

మూడో డోసు తప్పిపోలేదు, ఇంకా సమయం రాలేదు

మన పట్టికలో పెంటా ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడుసార్లు పడుతుంది. మళ్లీ పదహారు నెలలు దాటాక డీపీటీ బూస్టరు. ఫ్రాన్సులో 2013 నుంచి రెండో నెల, నాలుగో నెల, ఆపైన పదకొండో నెలలో బూస్టరు అనే పద్ధతి నడుస్తోంది. అక్కడి పుస్తకంలో పది నెలల బిడ్డకు రెండు డోసులే ఉండటం ఆ పద్ధతి ప్రకారం పూర్తిగా సరైనదే. మన పాప పేజీ అడుగున Rappel : 11 mois అని రాసింది ఈ బూస్టరు గురించే. mois అంటే నెలలు. మన పాపకు పదకొండు నెలలు నిండేది 2025 డిసెంబరు 17న. న్యుమోనియా టీకా మూడో డోసు కూడా అదే రోజుకు.

ఆ రోజుకు పాప ఇక్కడే ఉంటుంది కనుక ఈ బూస్టరును ఫిబ్రవరిలో తిరిగి వెళ్లేదాకా ఆపాలా, ఇక్కడే వేయించాలా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. ఇక్కడ వేయించడానికి రెండు దారులు ఉన్నాయి. ప్రభుత్వ కేంద్రంలో పెంటాతో పాటు పోలియో ఇంజెక్షను వేయించుకోవడం ఒకటి. కాకినాడలోనో అమలాపురంలోనో పిల్లల డాక్టరు దగ్గర ఆరింటి ఇంజెక్షనే వేయించుకోవడం రెండోది. ఫ్రాన్సులో Hexyon అనే పేరుతో ఉన్న మందే మన దేశంలో హెక్సాగ్జిమ్ అనే పేరుతో దొరుకుతుంది. వెళ్లేముందు ఫోను చేసి మందు ఉందో లేదో కనుక్కోవడం మంచిది, ఎందుకంటే ఖరీదైన ఈ రకాన్ని అందరూ నిలవ ఉంచరు. కుటుంబం ఫ్రాన్సుకు తిరిగి వెళ్తుందా, ఇక్కడే ఉండిపోతుందా అన్నది కూడా డాక్టరుకు తప్పక చెప్పండి. ఉండిపోయే బిడ్డకు ఆయన మన పట్టిక ప్రకారం వేరేగా ఆలోచించవచ్చు.

నిజంగా తొందర ఉన్నవి రెండు

ఏఎన్ఎం వేసిన మూడు ప్రశ్నల్లో పోలియోకూ పెంటాకూ పుస్తకంలోనే జవాబు దొరికింది. మూడోది అలా కాదు. బీసీజీ పేజీ తెప్పించి చూశాము, ఖాళీగానే ఉంది. ఫ్రాన్సులో 2007 నుంచి బీసీజీ అందరికీ తప్పనిసరి కాదు. క్షయ ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చిన తల్లిదండ్రుల పిల్లలకూ, అలాంటి చోట నెలకు మించి ఉండబోయే పిల్లలకూ వేయించమని మాత్రం సిఫార్సు చేస్తారు. మన పాప రెండు విధాలా ఆ కోవలోకి వస్తుంది. మన ప్రభుత్వ కార్యక్రమంలో బీసీజీని ఏడాది నిండేలోపే వేస్తారు. పాపకు ఏడాది నిండేది 2026 జనవరి 17న. ఈ తేదీని కాగితంలో పైనే, ఎర్ర సిరాతో రాయడం సబబు. ఆసుపత్రిలో వేసి పుస్తకంలో రాయకపోయే అవకాశం కూడా ఉంటుంది కాబట్టి, తల్లిని ఒకసారి అడిగి, ఎడమ భుజం మీద మచ్చ ఉందేమో చూసి, ఆ సంగతి కూడా రాయండి.

రెండోది తట్టు. మన దగ్గర తొమ్మిదో నెల నిండగానే తట్టు, రుబెల్లాకు ఎంఆర్ వేస్తారు. ఫ్రాన్సులో మామూలుగా పన్నెండో నెల దాకా ROR వేయరు. పది నెలల పాపకు తట్టు నుంచి ఇంకా టీకా రక్షణ లేనట్టే, పైగా మూడు నెలలు ఇక్కడ ఉంటుంది. కాబట్టి ఏఎన్ఎం ఎంఆర్ వేస్తానంటే అది తొందరపాటు కాదు. అయితే ఏడాది లోపు పడిన డోసును ఫ్రాన్సు డాక్టరు మామూలు రెండు డోసుల్లో లెక్కించకపోవచ్చు, ఏడాది దాటాక ROR రెండుసార్లూ వేస్తామని అనవచ్చు. అందులో ప్రమాదమేమీ లేదు. తల్లికి ముందే తెలిస్తే అక్కడ మళ్లీ కంగారుపడదు.

ఏఎన్ఎంకు ఇచ్చే కాగితం

ఒకే పేజీలో సరిపెట్టండి. పైన బిడ్డ పుట్టిన తేదీ, ఈ రోజుకు వయసు, ఫ్రాన్సుకు తిరిగి వెళ్లే తేదీ. కింద నాలుగు గళ్ల పట్టిక: పుస్తకంలో ఉన్న పేరు ఉన్న అక్షరాల్లోనే, అది ఏ జబ్బులకో తెలుగులో, డోసు, వేసిన తేదీతో పాటు ఆనాటి వయసు. మన పాప పట్టికలో ఒక వరస ఇలా ఉంటుంది: “Hexyon, కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు, పోలియో ఇంజెక్షను, హిబ్, హెపటైటిస్ బి, రెండో డోసు, 2025 మే 19, నాలుగు నెలల రెండు రోజులు.” తేదీలో నెలను అక్షరాల్లోనే రాయండి, అప్పుడు ఎవరూ వెనకాముందూ చేయరు.

చదవలేకపోయిన చోట ప్రశ్నార్థకం పెట్టి, ఫోటోలో ఎన్నో పేజీయో రాయండి. “ఇది రెండో నెల కాబట్టి ఇదే అయి ఉంటుంది” అని ఎన్నడూ పూరించకండి. పడని టీకాను పడినట్టు రాస్తే బిడ్డకు రక్షణ లేకుండా పోతుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు కూడా. అనుమానం ఉన్నట్టు రాస్తే మహా అయితే డాక్టరు ఫ్రాన్సుకు ఫోను చేయిస్తారు, లేదా ఒక డోసు అదనంగా వేస్తారు.

వేయవలసినవాటికి పట్టిక కింద వేరే భాగం పెట్టి, ప్రతి తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి. పుస్తకంలో డాక్టరు రాసినది ఒకటైతే, ఫ్రాన్సు పట్టిక ప్రకారం మనం లెక్కగట్టినది మరొకటి, మన దేశపు పట్టిక ప్రకారం వచ్చేది ఇంకొకటి. మన పాపకు డిసెంబరు 17 బూస్టరు మొదటి రకం. 2026 జనవరి 17కు, అంటే పన్నెండో నెలకు రావలసిన ROR మొదటి డోసు, Bexsero మూడోది, Nimenrix రెండోది రెండో రకం. బీసీజీ గడువు, ఎంఆర్ మూడో రకం. ఈ మూడింటినీ ఒకే జాబితాలో కలిపేస్తే, ఎవరి మాట ఏదో తెలియక తల్లి ప్రతి తేదీకీ భయపడుతుంది.

ఈ కాగితంతో పాటు అసలు ఫోటోలు కూడా ఫోనులో సిద్ధంగా ఉంచండి. “బాబాయ్, ఇదంతా చూపిస్తే సిస్టరు గారు కోప్పడరా?” అని పాప తల్లి నన్ను అడిగింది. కోప్పడలేదు, పట్టికలోని ప్రతి వరసనూ ఫోటోతో సరిచూసుకుని, మన తల్లీబిడ్డల కార్డులో సరిపోయే గళ్లు నింపి, మిగిలినవాటికి డాక్టరు దగ్గరికి పంపింది. మన కార్డులో ఎలా నింపాలన్నది ఆమెకు వదిలేయాలి, ఆ గళ్లు మనం నింపకూడదు.

ఇక్కడ వేసినవి అక్కడి పుస్తకంలోకి ఎక్కాలి

ఇక్కడ ఏ టీకా వేసినా, వేసిన చోటే మందు పేరు, బ్యాచి సంఖ్య, తేదీ రాయించుకుని, సంతకం, ముద్ర వేయించుకోండి. ప్రైవేటు డాక్టరు దగ్గరైతే స్టిక్కరు కార్డు మీద అంటించమని అడగండి. పెంటా, ఎంఆర్ వంటివి ఒక సీసాలో పలువురు పిల్లలకు వచ్చేవి కనుక ప్రభుత్వ కేంద్రంలో స్టిక్కరు దొరకదు, సీసా మీది బ్యాచి సంఖ్యను ఫోటో తీసుకోనిమ్మని అడిగితే చాలు. ఆ రోజే ఫోటోలను ఫ్రాన్సులో ఉన్న తండ్రికి పంపండి.

అక్కడి డాక్టరు కోసం ఫ్రెంచిలో రాసే వరసల్లో రెండింటి దగ్గర జాగ్రత్త అవసరం. ఇక్కడ పెంటా వేయించి ఉంటే DTCaP అని రాయకూడదు. ఆ ఇంజెక్షనులో పోలియో లేదు, పైగా కోరింత దగ్గు భాగం మొత్తం సూక్ష్మజీవి రకం. Diphtérie, Tétanos, Coqueluche à germes entiers, Hib, Hépatite B అని విడివిడిగా రాసి, పోలియో ఇంజెక్షను కూడా వేసి ఉంటే దానిని పక్కన Poliomyélite అని వేరే వరసలో రాయాలి. ఎంఆర్ వేయించి ఉంటే ROR అని కాకుండా Rougeole, Rubéole, sans oreillons అని రాయాలి. sans oreillons అంటే గవదబిళ్లల టీకా ఇందులో లేదని. ఆ రెండు మాటలు లేకపోతే గవదబిళ్లలకు కూడా ఒక డోసు పడిందని అక్కడి డాక్టరు లెక్క వేసుకుంటారు.